బాయి గీజరులో నిలవని మంట

నాకు కోపం ఎక్కువ. ఈ మాట ముందే ఒప్పుకుంటే చెప్పబోయేది సులువవుతుంది. చాలా ఏళ్లు బొగ్గు గనిలో పైప్ ఫిట్టరుగా పని చేశాను. నా పనిలో తప్పుందని ఎవరైనా అంటే, తప్పు ఎక్కడుందో చూడకముందే అన్నవాడి మొహం చూసేవాడిని. మా ఆవిడ దీన్ని జబ్బు అనేది. నేను పనిమంతుడి పౌరుషం అనుకునేవాడిని.

గనులను పునర్వ్యవస్థీకరిస్తున్న రోజులవి. కొన్ని అండర్‌గ్రౌండ్ గనులు మూశారు, ఏరియాలు కలిపారు, మనుషులను అటొకరిని ఇటొకరిని పంపారు. మా గని మూతపడ్డాక, పైనుంచి మట్టి తీసి బొగ్గు తవ్వే ఓపెన్ కాస్టు గనిలో ఏ పని చెబితే అది చేయమన్నారు. గని లోపల గాలి పైపులు, నీటి పైపులు నా చేతుల మీదుగా నడిచాయి, ఇప్పుడు మట్టి కుప్పల దగ్గర జెండా ఊపాలా అని మండిపడి, ముందస్తు రిటైర్మెంట్ కాగితం మీద సంతకం పెట్టి మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో ఇల్లు తీసుకున్నాను. నెల తిరిగేసరికి పొద్దున్నే ఎక్కడికి వెళ్లాలో తెలియక పిచ్చెక్కింది. టిఫిన్ డబ్బా కట్టవలసిన పని లేక మా ఆవిడ కూడా వంటింట్లో దిక్కుతోచక తిరిగేది. పొద్దున లేచి వెళ్లడానికి ఒక చోటు కావాలి. నాకు కావలసింది అంతే.

ఆ చోటు ఒక గ్యాస్ గీజర్ల షాపులో దొరికింది. యజమాని రాజురా దిక్కు తెలుగు రైతు కుటుంబం వాడు, నాకంటే బాగా చిన్నవాడు. నన్ను కాకా అనేవాడు, నేను సేటు అనేవాడిని. పక్కనే అంత పెద్ద కరెంటు కేంద్రం ఉన్నా మా ఊళ్లో పూటకింత కోత ఉండేది, అందుకే గ్యాస్ గీజర్లు బాగా పోయేవి. అతనికి అమ్మడం తెలుసు, విప్పడం తెలియదు. పాత మెకానిక్ నాగపూర్ వెళ్లిపోయాడు. పైపులు తెలిసినవాణ్ని కదా, ఒక నెల చూద్దాం అన్నాడు. ఒకే షరతు పెట్టాడు. ఒకే గీజరు మీద మూడోసారి కంప్లెయింట్ వస్తే మర్యాదగా విడిపోదాం అన్నాడు.

మూడో వారంలో బాయి ఇంటి గీజరు వచ్చింది. ఆమె రిటైరైన టీచరు. మరాఠీ బడుల్లో పంతులమ్మను బాయి అంటారు, వీధి మొత్తానికి ఆమె బాయే. ఒంటరిగా ఉండేది, మోకాళ్ల నొప్పులు. రోజూ పదకొండు గంటలకు వేడి నీళ్ల స్నానం చేస్తే గాని రెండో పూట నడవలేదు. గీజరు వెనక వరండాలో జాలీ గోడకు బిగించి ఉంది, దాని పక్క తలుపు తీస్తే స్నానాల గది.

ఆ పాత రకం గీజరులో పైలట్ అని చిన్న మంట ఎప్పుడూ వెలుగుతూ ఉండాలి. కుళాయి తిప్పితే నీటి ఒత్తిడికి పెద్ద బర్నరుకు గ్యాస్ వస్తుంది, పైలట్ నుంచి అంటుకుంటుంది. పైలట్ వెలిగించాలంటే నాబ్ నొక్కి పట్టుకుని అగ్గిపుల్ల చూపించాలి, అర నిమిషం అలాగే నొక్కి ఉంచి వదలాలి. వదిలాక మంట నిలవాలి. బాయి ఇంట్లో వదలగానే ఆరిపోతోంది.

పైలట్ మంట పక్కనే ఒక లోహపు ముక్కు నిలబడి ఉంటుంది. దాని నుంచి సన్నని రాగి పైపు లాంటిది వంకర తిరుగుతూ వెళ్లి, గ్యాస్ వాల్వు వెనక ఒక చిన్న నట్టుతో బిగుసుకుంటుంది. సేటు దాన్ని సెన్సర్ అనేవాడు. ముక్కు కాలి నల్లబడి ఉంది. సరే, పాతది తీసి కొత్తది వేశాను. వేసేటప్పుడు ముప్పై ఏళ్లుగా చేసే పనే చేశాను. గనిలో థ్రెడ్డు ఉన్న ఏ జాయింటునూ నేను ఒట్టిగా బిగించలేదు. జనుము పోగు చుట్టాలి, దాని మీద సఫేదా అనే తెల్లటి చిక్కని పూత పూయాలి, అప్పుడు బిగించాలి. ఒట్టి థ్రెడ్డు బిగించిన కుర్రాళ్లను గని లోపల అందరి ముందూ తిట్టేవాడిని. పైగా ఇది గ్యాసు. కాబట్టి మరింత శ్రద్ధగా, నట్టు కొన మీద కూడా సఫేదా దట్టించి బిగించాను. సబ్బు నురగ రాసి చూశాను, బుడగ లేదు. ఎంత గర్వం.

నాబ్ నొక్కి, వెలిగించి, అర నిమిషం ఆగి వదిలాను. మంట ఆరిపోయింది.

మర్నాడు ఇంకో కొత్త సెన్సర్ తెచ్చి, ఇంకాస్త జనుము చుట్టి, ఇంకాస్త బలంగా బిగించాను. మళ్లీ ఆరిపోయింది. బాయి కుర్చీ వేసుకుని కూర్చుని, పరీక్ష రాస్తున్న పిల్లవాణ్ని చూసినట్టు నన్నే చూస్తోంది. నాకు చెవుల దాకా వేడెక్కింది. తప్పు నాది కాదు, లోపలి వాల్వుదే, దాని స్ప్రింగు మొండికేస్తోంది అని తీర్మానించేశాను. స్ప్రింగు మొండికేస్తే నేను ఊరుకుంటానా? నాబ్ నొక్కి, బైండింగ్ తీగతో గట్టిగా కట్టేశాను. మంట నిలిచింది. కుళాయి తిప్పితే పెద్ద బర్నరు భగ్గున అంటుకుంది, వేడి నీళ్లు వచ్చాయి. ఆ మోడల్లో నాబ్ నొక్కి ఉన్నా, కుళాయి తిప్పితే పెద్ద బర్నరుకు గ్యాస్ ఆగదు.

రేపు కొత్త వాల్వు ముక్క వేస్తానని, అప్పటిదాకా నాబ్ ముట్టుకోవద్దని నాకొచ్చిన మరాఠీలో బాయికి చెప్పాను. ఆమెకు సాయంత్రం సిలిండరు కట్టేసి పొద్దున తిప్పే అలవాటుంది. పొద్దున సిలిండరు తిప్పి, పైలట్‌కు పుల్ల చూపిస్తే చాలన్నాను. షాపుకు వెళ్లి వాల్వు లోపలి మాగ్నెట్ ముక్క కొత్తది అడిగి సంచిలో వేసుకున్నాను. తీగ కట్టిన సంగతి సేటుకు చెప్పలేదు.

రాత్రంతా ఒకటే కసి. రెండు కొత్త సెన్సర్లు ఎందుకు పని చేయలేదు? మాగ్నెట్ మార్చాక కూడా ఆరిపోతే అదే మూడోసారి, నా చోటు పోయినట్టే. పొద్దున తొమ్మిదింటికి స్కూటరు తీసి భద్రావతి వైపు పోయాను. అక్కడి గని క్వార్టర్లలో నా పాత స్నేహితుడు ఉండేవాడు, ఎలక్ట్రీషియన్. మాకిద్దరికీ ఎప్పుడూ పడేది కాదు, ఎప్పుడూ విడిచి ఉండేవాళ్లమూ కాదు. ఒకరినొకరం బావా అనుకునేవాళ్లం. పైపుల వాడికి కంటికి కనిపించేదే తెలుస్తుందని అతనంటే, కరెంటు వాడికి కనిపించనిదే చెప్పుకోవడం వచ్చు అని నేను. పునర్వ్యవస్థీకరణలో అతన్ని మాజ్రి వైపు ఓపెన్ కాస్టుకు పంపారు. ఆ వారం రెండో షిఫ్టు, పొద్దున ఇంట్లోనే ఉన్నాడు.

సలహా అడగడానికి రాలేదని, వైస్ వాడుకోవడానికి వచ్చానని చెప్పాను. బాయి గీజరు నుంచి తీసిన పాత సెన్సర్‌ను వైస్‌లో బిగించి హాక్సా బ్లేడుతో కోయడం మొదలుపెట్టాను. లోపల మసి పట్టి గ్యాస్ దారి మూసుకుపోయిందేమో, కొత్తవాటిలో ఆ దారి ఎంత ఉండాలో చూద్దామని నా ఆలోచన. రాగి మెత్తగా తెగింది. రెండు ముక్కలూ వెలుతురుకు పెట్టి చూశాను.

దారి లేదు. మసి కూడా లేదు. రాగి గొట్టం మధ్యలో, చుట్టూ ఒక పొర కప్పుకుని, సన్నటి తీగ.

ఇన్ని రోజులూ గ్యాస్ పైపు అనుకున్నది పైపే కాదు. బావ టీ గ్లాసు పట్టుకుని నా భుజం మీదుగా తొంగి చూశాడు. చాలాసేపు నవ్వాడు. వాళ్ల ఆవిడ లోపల నుంచి వచ్చి, పాపం అన్నకు ఏమైంది అని అడిగేంత నవ్వాడు.

"గిది పైపు గాదు బావా, వైరు. నువ్వు వైరుకు సుతిలి చుట్టినవ్."

మామూలుగా అయితే ఆ మాటకు నేను స్కూటరు ఎక్కి వెళ్లిపోయేవాడిని. ఆ రోజు కోపం రాలేదు. నాకు తెలియాలి, అంతే. వైరంటే కరెంటు కావాలి కదా, గీజరులో బ్యాటరీ లేదు, ప్లగ్గు లేదు, కరెంటు ఎక్కడిది అని అడిగాను. అతను జవాబు చెప్పకుండా తన మీటరు తెచ్చాడు. నా సంచిలో ఉన్న, మొదటి రోజు వేసి తీసేసిన కొత్త సెన్సర్ తీసుకుని, నట్టు చివర నా సఫేదానూ జనుమునూ చాకుతో గీకి, ఉప్పు కాగితంతో రాగి మెరిసేదాకా రుద్దాడు. మీటరు తీగ ఒకటి కొనన ఉన్న చిన్న బొడిపెకు, ఇంకొకటి పై గొట్టానికి పట్టించాడు. వంటింట్లో బావ భార్య, నేను చెల్లెమ్మ అనేదాన్ని, రొట్టెలు కాలుస్తోంది. పెనం పక్కకు జరిపి సెన్సర్ ముక్కును స్టవ్ మంటలో పెట్టాం.

మీటరు సున్నా మీద ఉంది. ఒకటి అయింది. మూడు. ఎనిమిది. నేను వంగిపోయి అంకెలు పైకి చదవడం మొదలుపెట్టాను. పన్నెండు, పదిహేడు, ఇరవై ఒకటి. ఇరవై ఐదు దాటి మెల్లగా నిలిచింది. మిల్లీవోల్టులు. టార్చి సెల్లులో ఉండేదానికి అరవయ్యో వంతు. కానీ ఇంకెక్కడిదీ కాదు, మంటలోంచి వచ్చిందే. రెండు రకాల లోహాలు ఆ ముక్కు దగ్గర కలిపి ఉంటాయని, కలిసిన చోటు వేడెక్కి, రెండో కొస చల్లగా ఉంటే వాటి మధ్య కరెంటు పుడుతుందని బావ చెప్పాడు. పేరు థర్మోకపుల్ అన్నాడు. నాకు పేరు అక్కర్లేదు. నా కళ్ల ముందు నిప్పు కరెంటు అయింది, అది చాలు. ముప్పై ఏళ్లలో గనిలో అంత సంతోషం పడ్డ రోజు లేదు. మా చెల్లెమ్మ పెనం పట్టుకుని, ఇద్దరికీ మతి పోయిందని గొణుగుతూ నిలబడింది.

నేను సంచిలోంచి మాగ్నెట్ ముక్క తీశాను. బొటనవేలంత ఇత్తడి డబ్బీ, దానికి ముందు స్ప్రింగు, స్ప్రింగు కొసన రబ్బరు బిళ్ల. ఆ బిళ్లే గ్యాస్ దారిని మూసేది. సెన్సర్ నట్టును దానికి ఒట్టి చేత్తో తిప్పి, స్పానరుతో ఒక పావు చుట్టు మాత్రమే బిగించాం. ముక్కును మంటలో ఉంచి, నేను బొటనవేలితో బిళ్లను లోపలికి నొక్కాను. అర నిమిషం లెక్కపెట్టి వేలు తీశాను. బిళ్ల తిరిగి రాలేదు. లోపల మాగ్నెట్ దాన్ని పట్టుకుంది.

"గుంజుడు దానితోని గాదు బావా. గింత కరెంటుతోని ఏం గుంజుతది? నువ్వు నొక్కి తెచ్చిస్తే వదలకుంట పట్టుకుంటది, గంతే. మంట పోయిందంటే వదిలిపెడ్తది."

మంటలోంచి ముక్కు బయటికి తీశాడు. ఇద్దరం బిళ్ల వైపే చూస్తున్నాం. ముక్కు ఎరుపు తగ్గింది. నేను ఇరవై దాకా లెక్కపెట్టాను, ఇంకొంచెం. టక్‌మని బిళ్ల ముందుకు తన్నుకుంది.

ఎంత చక్కని ఏర్పాటు. ఎవరూ చూస్తూ కూర్చోనక్కర్లేదు. మంట ఉన్నంతసేపే కరెంటు, కరెంటు ఉన్నంతసేపే పట్టు, పట్టు పోతే స్ప్రింగు గ్యాస్ మూసేస్తుంది. వైరు తెగినా మూతే, నట్టు వదులైనా మూతే, నాలాంటివాడు కొన మీద సఫేదా పూసి కరెంటు అందకుండా చేసినా మూతే. బాయి గీజరు రెండు రోజులుగా మొండికేయలేదు. మంట ఉందని తెలియనప్పుడు గ్యాస్ వదలకూడదని దానికి నేర్పిన పని అది చేసింది. ఇదంతా నేను గడగడా బావకే తిరిగి చెబుతున్నాను, చేతులు ఊపుతూ. వేలితో ఆ బిళ్లను ఇంకోసారి నొక్కాను. నొక్కి ఉంచాను.

వేలు తీయకపోతే?

వేలు తీయకపోతే మంట ఉన్నా లేకపోయినా దారి తెరిచే ఉంటుంది. బాయి ఇంట్లో నా వేలికి బదులు బైండింగ్ తీగ ఉంది.

బావకు చెప్పాను. అతని మొహంలో నవ్వు పోయింది. టైమెంతయింది అన్నాడు. పదిన్నర దాటింది. బాయి పదింటికల్లా పైలట్ వెలిగించి పెట్టుకుంటుంది, పదకొండింటికి స్నానానికి వెళ్తుంది. జాలీ గోడలోంచి గాలి కొడితే ఆ చిన్న మంట ఎంతసేపుంటుంది? ఆరిపోతే పైలట్ గ్యాస్ వస్తూనే ఉంటుంది. ఆమె కుళాయి తిప్పితే పెద్ద బర్నరుకూ వస్తుంది. నీళ్లు వేడెక్కకపోతే ఆమె ఏం చేస్తుంది? అగ్గిపెట్టె తీసుకుని గీజరు దగ్గరికి వస్తుంది. అలా వెలిగించమని చెప్పింది నేనే.

చంద్రపూర్‌కు స్కూటరు మీద ఎంత వేగంగా పోయినా ముప్పావు గంట పైనే. బాయి ఇంట్లో ఫోన్ లేదు. సెల్ ఫోన్లు ఇంకా మా దాకా రాలేదు. సేటు షాపులో ఫోన్ ఉంది, షాపు నుంచి బాయి ఇల్లు పది నిమిషాలు. బావ చొక్కా వేసుకోవడానికి లోపలికి పరిగెత్తాడు, నేను క్వార్టర్ల మూల మీద ఎస్టీడీ బూత్‌కు పరిగెత్తాను.

రిసీవరు ఎత్తి సగం నంబరు తిప్పి, పెట్టేశాను.

ఎందుకు పెట్టేశానో నాకు తెలుసు. సేటుకు ఫోన్ చేయడమంటే తీగ సంగతి ఒప్పుకోవడం. మూడో కంప్లెయింట్ కాదది, అంతకంటే పెద్దది. ఫిట్టరుగా నా బతుకంతా దాచుకున్న పేరు ఆ ఒక్క మాటతో పోతుంది. గాలి లేదు కదా ఈరోజు, మంట ఉండే ఉంటుంది, వేగంగా వెళ్లి చప్పుడు కాకుండా తీగ విప్పేస్తే ఎవరికీ తెలియదు అనుకున్నాను. బయటికి వచ్చి రోడ్డు పక్క వేప చెట్టు వైపు చూశాను. కొమ్మలు ఊగుతున్నాయి. బూత్ పిల్లవాడు టీ తెప్పించుకున్నాడు, ఊదుకుంటూ తాగుతున్నాడు. అతని గ్లాసు ఖాళీ అయ్యేదాకా నేను రోడ్డు మీద నిలబడ్డాను. అప్పుడు లోపలికి వెళ్లి మళ్లీ ఎత్తాను.

సేటు పలికాడు. ఒక్క ఊపిరిలో చెప్పాను. నాబ్ తీగతో కట్టానని, మంట ఆరితే గ్యాస్ ఆగదని, సిలిండరు మూయమని, వెలిగే పుల్ల ఏదీ వద్దని, కరెంటు స్విచ్‌లు ముట్టుకోవద్దని. అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు వినిపించింది.

బావను వెనక ఎక్కించుకుని ఎలా వచ్చానో గుర్తు లేదు. వీధి మలుపు తిరిగేసరికి బాయి ఇంటి తలుపులు, కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి. బాయి బయట అరుగు మీద కుర్చీలో కూర్చుని ఉంది, భుజం మీద తువ్వాలు. పక్కన సేటు నిలబడి ఉన్నాడు. ఎంత సంతోషమో. బాయి కాళ్లకు దండం పెట్టాను. ఆమె కాళ్లు వెనక్కి తీసుకుని, ముందు గీజరు సంగతి చూడమంది.

వాసన పూర్తిగా పోయేదాకా ఆగాం. అప్పుడు తీగ కత్తిరించి నాబ్ వదిలాను. వాల్వు వెనక నట్టు విప్పి, లోపలి గుంటలో నా తెల్ల పూతనంతా గుడ్డతో తుడిచాను. సెన్సర్ కొన మెరిసేదాకా రుద్ది, ఒట్టి థ్రెడ్డు మీద చేత్తో తిప్పి, పావు చుట్టు బిగించాను. చేతికి అదేదో తప్పు చేస్తున్నట్టే అనిపించింది. సిలిండరు తిప్పి, నాబ్ నొక్కి, వెలిగించి, బావ లెక్కపెడుతుండగా అర నిమిషం ఆగి వదిలాను. మంట నిలిచింది. నీలంగా, చిన్నగా, కదలకుండా.

నేనే దాన్ని ఊది ఆర్పాను. నలుగురం చెవులు పెట్టి నిలబడ్డాం. ఇరవై దాటింది. ముప్పై అయింది. టక్. బాయి మొదటిసారి నవ్వి, మళ్లీ చేసి చూపించమంది. రెండోసారి ఆమే వంగి ఊదింది.

బయటికి వచ్చాక, రేపటి నుంచి షాపుకు రావాలా వద్దా అని సేటును సూటిగా అడిగాను. అతను స్కూటరు సీటు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు.

"నేను పోయేసరికి మంట లేదు కాకా, గ్యాస్ సుయ్యిమని వస్తుండె. బాయికి జలుబు, వాసన తెలుస్తలేదు. నీళ్లు చల్లగ వస్తున్నయని అగ్గిపెట్ట చేతిలకు తీస్కున్నది. నేను గుంజుకున్న. నౌకరీ పోతదని తెల్సి గూడ నువ్వు ఎంబడే ఫోన్ చేసినవ్. గందుకే పిలుస్తున్న. రేపు పదింటికి రా."

మర్నాడు పదింటికి వెళ్లాను. ఆ తర్వాత పదకొండేళ్లు వెళ్లాను. ఎన్ని గీజర్లు విప్పానో లెక్క లేదు, ఒక్క థర్మోకపుల్‌కూ పూత పూయలేదు. సేటు కొత్త కుర్రాళ్లను నా దగ్గరికి పంపేటప్పుడు ఆ రోజు సంగతి చెప్పేవాడు, కాకా క్షణం కూడా ఆలోచించలేదని చెప్పేవాడు. నేను పక్కనే ఉండి తల వంచుకుని పని చేసుకునేవాడిని. బూత్ బయట ఒక గ్లాసు టీ తాగేంతసేపు నిలబడ్డానని అతనికి చెప్పలేదు.